శనివారం వీడ్కోలు సభకు పాటల వరుస

ఇది లాప్‌టాప్ దగ్గర కూర్చునేవారికి, మైకు పట్టుకునే ఇద్దరికి. మూడో సంవత్సరం ఈసీఈ వాళ్లందరూ ఒకసారి చదవండి, కానీ చివరి నిమిషంలో కొత్త పాట చేర్చమని ఎవరూ అడగవద్దు. పాటలన్నీ శుక్రవారం రాత్రికే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. యూట్యూబ్ నుంచి నేరుగా వేయవద్దు. అందరూ కళ్లు తుడుచుకునే సమయానికి సిమెంటు ప్రకటన మొదలైతే ఇంత కష్టమూ వృథా.

ముఖ్యమైన మాట ముందే చెబుతున్నాను. కాలేజీ బస్సులు 4.20కి కదులుతాయి, ఎవరికోసమూ ఆగవు. అందుకని ఏడుపు పాటలు 3.30కి మొదలుపెట్టి నాలుగింటికల్లా ముగించాలి. పొద్దున్నే ఏడిపిస్తే భోజనాల వేళకు అందరూ నీరసపడిపోతారు. సాయంత్రం దాకా నవ్వించడమే మన పని.

పదిన్నరకు ప్రవేశం. సీనియర్లు 11కు గానీ రారు, అది నాలుగేళ్లుగా రుజువైన విషయం. మొదటి జంట మెట్ల దగ్గర కనబడగానే ‘దారి చూడు’ వేయండి. ‘కృష్ణార్జున యుద్ధం’ (2018) సినిమాలో పెంచల్ దాస్ పాడింది. ఆ గొంతులో మట్టి వాసన ఉంటుంది, డప్పు మొదలయ్యాక చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చే అక్కలు కూడా అడుగు కలుపుతారు.

యాంకర్: “అన్నలారా, అక్కలారా! తొమ్మిదింటి క్లాసుకు పదింటికి, పదింటి ల్యాబుకు పదకొండింటికి వచ్చిన మీరు ఈ రోజు కూడా సంప్రదాయం తప్పలేదు. దారి వదలండి, మా సీనియర్లు వస్తున్నారు!”

హెచ్‌ఓడీ గారి ప్రసంగం అయ్యాక బిరుదులు. ఇక్కడ పాటలు పూర్తిగా వేయకూడదు. ముప్పై సెకన్లు, పల్లవి రాగానే ఆపేయాలి. బిరుదు చదవగానే పాట అందుకోవాలి, మధ్యలో ఖాళీ ఉంటే నవ్వు చచ్చిపోతుంది.

కళ్లు తెరిచి నిద్రపోయే విద్య తెలిసిన చివరి బెంచి అన్నకు ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ (‘నిన్నే పెళ్ళాడతా’, 1996). యాంకర్: “సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ క్లాసులో ఈ అన్న శరీరం మాత్రమే హాజరు. సిగ్నల్ వచ్చింది, సిస్టమ్ మాత్రం ఆన్ కాలేదు!”

ప్రాజెక్టు రిపోర్టు ఇంకా బైండింగ్‌కు ఇవ్వని ఆ నలుగురి జట్టుకు ‘అప్పుడో ఇప్పుడో’ (‘బొమ్మరిల్లు’, 2006). గైడు సారు అక్కడే ఉంటారు కాబట్టి యాంకర్ ఆయన వైపు తిరిగి, “సార్, రిపోర్టు ఎప్పుడిస్తారని అడిగితే వీళ్లు పాటలో జవాబు చెబుతారట” అంటే చాలు. ఆ పాట సినిమా హీరో సిద్ధార్థే పాడాడని ఎవరైనా అంటే నిజమే, కానీ మైకులో ఆ ముచ్చట వద్దు, వేగం తగ్గుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కండొనేషన్ బిరుదు. హాజరు 75 శాతానికి తగ్గి, 65కు జారకుండా ఆ సన్నని గట్టు మీదే నాలుగేళ్లు నడిచి, ప్రతి సెమిస్టరూ ఫీజు కట్టిన అన్నలు మనకు ఆరుగురు ఉన్నారు. వాళ్లను వరుసగా నిలబెట్టి ‘ధనమేరా అన్నిటికీ మూలం’ వేయండి. ‘లక్ష్మీ నివాసం’ (1968) కోసం ఆరుద్ర రాసినది, ఘంటసాల పాడినది. ఆ గంభీరమైన గొంతు వినగానే వెనక వరుసలో కూర్చున్న ఆఫీసు గుమాస్తా గారు ముందుగా నవ్వుతారు, పందెం. యాంకర్: “కళాశాల అభివృద్ధికి వీరు చేసిన ఆర్థిక సేవను ఎవరూ మరువలేరు!” ఆరుగురికీ చలానా ఆకారంలో చేసిన అట్టముక్కలు ఇవ్వాలి. అవి నా దగ్గర తయారుగా ఉన్నాయి.

సప్లీల వీరులకు ‘ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి’ (‘పట్టుదల’, 1992). సిరివెన్నెల సీతారామశాస్త్రి ఎం-3 సప్లీ కోసం రాయలేదని తెలుసు, అయినా సరిగ్గా అతుకుతుంది. ముప్పై సెకన్లకే ఆపండి. ఈ పాటతో మళ్లీ పని ఉంది.

ఒంటిగంటకు ‘వివాహ భోజనంబు’ వేస్తే భోజనాలు పెట్టారని వేరే చెప్పనక్కర్లేదు. ‘మాయాబజార్’ (1957)లో మాధవపెద్ది సత్యం గొంతు వినగానే ప్లేట్ల దగ్గర వరుస దానంతట అదే తయారవుతుంది. మధ్యాహ్నం మేడమ్‌లను, సార్లను వేదిక ఎక్కించడానికి ‘నాటు నాటు’. 2023లో ఆస్కార్ గెలిచిన పాటకు కాదనడం వాళ్లకు కష్టం. ల్యాబ్ అసిస్టెంటు అన్న బాగా నాట్యం చేస్తాడని విన్నాను, ఆయనను మరిచిపోవద్దు.

వద్దన్న పాటలు కూడా చెప్పాలి. ‘వెళ్ళిపోమాకే’ ఒక అక్కకు అంకితం చేయమని ఇద్దరు చీటీలు ఇచ్చారు. మంచి పాటే, కానీ వందమంది ముందు ఒకరిని ఇరకాటంలో పెట్టడం వినోదం కాదు. విడిపోయిన జంటలను గుర్తుచేసే పాట ఏదీ రాదు. ‘మౌనంగానే ఎదగమని’ కూడా తీసేశాను. చిత్ర గారి మీద గౌరవం తగ్గి కాదు, బడిలో ప్రతి వార్షికోత్సవానికీ విని విని చెవులు మొద్దుబారాయి.

3.30. లైట్లు తగ్గించండి. తెర మీద ఫొటోలు, ‘గుర్తుకొస్తున్నాయి’ (‘నా ఆటోగ్రాఫ్’, 2004). చంద్రబోస్ మాటలు, కేకే గొంతు. ఫొటోలు మొదటి సంవత్సరం నుంచి వరుసగా ఉండాలి. ఐడీ కార్డు ఫొటోలో బిక్కమొహాలు ముందు, గుండీలు తప్పుగా పెట్టుకున్న ల్యాబ్ కోటు తర్వాత. యాంకర్లు ఇక్కడ నోరు విప్పకూడదు.

దాని వెనకే ‘ముస్తఫా ముస్తఫా’ (‘ప్రేమదేశం’, 1996). రెహమాన్ స్వయంగా పాడిన ఈ పాట వచ్చినప్పుడు మన సార్లలో కొందరు విద్యార్థులు. వాళ్లు పెదవులు కదుపుతారు, చూడండి.

ఇప్పుడు ‘ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి’ మళ్లీ, ఈసారి పూర్తిగా. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో సగంమందికి ఉద్యోగాలు రాలేదు. వచ్చినవాళ్ల పేర్లు చదివి చప్పట్లు కొట్టించాలని ఒకరు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. పొద్దున నవ్విన పాటనే నవ్వకుండా వింటే చాలు.

యాంకర్: “అన్నా, అక్కా, ఈ పాట పొద్దున మీ మీద వేళాకోళానికి వేశాం. ఇప్పుడు మా కోసం వేస్తున్నాం. మా ఫీజు గడువు దాటితే ఆఫీసులో మాట్లాడింది మీరు, మా రికార్డులకు బొమ్మలు గీసింది మీరు. పరీక్ష ముందు రాత్రి మీరు పంపిన ఫొటోలతోనే మేం పాసయ్యాం.”

చివరగా ‘హ్యాపీ డేస్’ (2007)లో కార్తీక్ పాడిన ‘ఓ మై ఫ్రెండ్’. సినిమా వచ్చేటప్పటికి మన సీనియర్లకు రెండు మూడేళ్లు, అయినా ప్రతి వరుసా నోటికి వచ్చు. మొదటి చరణం నుంచి మైకు వాళ్ల చేతికి ఇచ్చేయండి. తెల్ల చొక్కాల మీద సంతకాలు ఈ పాట సాగుతుండగానే పెట్టాలి, నల్ల మార్కర్లు పన్నెండు కొన్నాం, మూతలు పోగొట్టవద్దు. 4.10కి ఎవరు ఎక్కడ ఉన్నా పాట ఆపి బస్సు నంబర్లు చదవండి. హాస్టల్ వాళ్లు ఉండిపోయి కుర్చీలు సర్దాలి, స్పీకర్లు ఆరింటిలోపు అద్దె షాపుకు చేరాలి.