శివారు ఊరి పన్నెండు నెలలు

చైత్రం
వేపపూత రాలుతుంది, దాళ్వా కోత సాగుతుంది.
పంతులుగారి పంచాంగంలో మా రాశికి
ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు.
కౌలురైతుకు కొత్తగా చెప్పాలా!
రాములోరి పెళ్ళిలో పానకం మాత్రం రెండు గ్లాసులు.

వైశాఖం
కాలువ కట్టేశారు, బురదలో పిల్లల చేపల వేట.
వీధి వీధంతా కత్తిపీట చప్పుడు, ఆవపిండి ఘాటు.
కొత్తపల్లి కొబ్బరి ముక్క కొరికి
"పులుపు చాలదే" అంటుంది అమ్మమ్మ, ఏటా అదే మాట.

జ్యేష్ఠం
ధవళేశ్వరంలో నీళ్ళొదిలారని కబురొచ్చింది,
శివారుకి నీళ్ళింకా రాలేదు.
ఏరువాక పున్నమికి బొట్టు ట్రాక్టరుకే పెట్టాం,
ఎద్దులేవీ ఊళ్ళో?

ఆషాఢం
కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో, అల్లుడు ఫోన్లో.
అరచేత గోరింట పండింది,
గోదారి కూడా ఎర్రబడింది.

శ్రావణం
మంగళవారం గౌరమ్మ, శుక్రవారం వరలక్ష్మి,
ఏ ఇంట చూసినా నానిన శనగలే.
టీవీలో బ్యారేజీ లెక్క:
11.75 అడుగులు, మొదటి హెచ్చరిక.
తెల్లారేసరికి 13.75, రెండోది.
లంకలో అత్తయ్య ఆవుల్ని గట్టెక్కించి
కలశం అటకెక్కించి
పడవలోనే పేరంటాళ్ళకి వాయినమిచ్చింది.
పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ
ఈ నెల మా ఇంట ఆ మాటెత్తి చూడండి!

భాద్రపదం
పాలవెల్లికి మొక్కజొన్న, గట్టెంట పత్రి.
వినాయకుడు వెళ్ళాక ఓ పక్షం తాతలది.

ఆశ్వయుజం
అట్లతద్దికి చీకట్లో గోంగూర, పెరుగన్నం,
తెల్లారేలోగా ఉయ్యాల.
1996లో దీపావళికి నాలుగు రోజుల ముందు
కోనసీమ కొబ్బరి నేలకొరిగింది.
ఇప్పటికీ ఈదురుగాలి లేస్తే
మతాబు చుట్టే నాన్న చెయ్యి ఆగిపోతుంది.

కార్తీకం
అమరావతిలో తెల్లారితే భీమవరం, పాలకొల్లు,
ద్రాక్షారామం, సామర్లకోటకి రాత్రి:
ఒక్క రోజులో అయిదుగురు శివుళ్ళు, నడుం విరిగే బస్సు.
రేవులో అరటిదొప్ప దీపాలు.
వనభోజనాల తోటలో ఉసిరి లేదని
కొమ్మ తెచ్చి పాతాం, పుణ్యం వస్తుందిలే!

మార్గశిరం
సుబ్బారాయుడి షష్ఠికి అత్తిలి తీర్థం, జీళ్ళు.
గురువారం లక్ష్మి ముగ్గులోకి వస్తుంది,
కళ్ళంలోకి రావాలంటే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు.

పుష్యం
నెల చంద్రుడిది, పండగ సూర్యుడిది,
అల్లుళ్ళు మాత్రం మావాళ్ళే.
భోగిమంట, హరిదాసు, గొబ్బిళ్ళు,
అరిసెల పాకం కుదరలేదని అమ్మ టెన్షన్.
బరి దగ్గర పందెం కాసిన మావయ్య
పర్సు పోగొట్టుకున్నానంటాడు, అత్తయ్య నమ్మదు.
కనుమనాడు జగ్గన్నతోటకి పదకొండు రుద్రులు:
భుజాల మీద ప్రభ ఊగుతుంది,
కౌశికలో పీకల్లోతు దిగుతారు, తగ్గరు.
చేలో పైరు తొక్కినా
రైతు చేతులు జోడిస్తాడు.

మాఘం
చిక్కుడాకులో పరమాన్నం, సూర్యుడికి.
అంతర్వేదిలో నరసింహస్వామి రథం,
వశిష్ఠ ఉప్పునీట కలిసేచోట జనం, ఇసుక, బూందీ.
శివరాత్రికి కోటిపల్లిలో జాగారం,
సగం మంది కూర్చునే నిద్ర.

ఫాల్గుణం
హోళీ మాకంతగా లేదు.
దాళ్వా పాలుపోసుకుంటోంది, కాలువలో నీళ్ళు వంతులవారీ.
అర్ధరాత్రి గట్టుమీద టార్చిలైటు:
"ఎవడ్రా తూము మూసింది? ఈ పూట వంతు మాది!"