రేపు వాళ్ల ముందు చెప్పబోయేది

రేపు ఉదయం పదిన్నరకి తిరుపతిలో ఇంటర్వ్యూ. పాల సేకరణ సూపర్‌వైజర్ పోస్టు. రోజంతా రైతులతోనే పని కాబట్టి తెలుగులోనే మాట్లాడిస్తామని ఫోన్‌లో చెప్పారు. మొదటి ప్రశ్న ఏంటో నాకు ముందే తెలుసు: "మీ గురించి చెప్పండి."

పోయిన నెల ఇంకోచోట ఇదే ప్రశ్నకి రెజ్యూమె పైన ఉన్న నాలుగు ముక్కల్ని బట్టీ పట్టి అప్పజెప్పాను. మూడో వాక్యంలోనే అక్కడి పెద్దాయన కాగితం మీద వేలు పెట్టి, "ఇదంతా నా ముందే ఉంది కదమ్మా" అన్నారు. ఆయన కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. కానీ ఆ తర్వాత నాకు ఒక్క మాట తోచలేదు. అందుకే ఈ రాత్రి ఆ ముక్కల్ని ఈ నోట్‌బుక్‌లో మాటలుగా మార్చుకుంటున్నా.

రెజ్యూమెలో ఉన్నది ఇంగ్లిష్. తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

"పాల సేకరణ, శీతలీకరణ, నాణ్యతా నియంత్రణ రంగాల్లో ఆరేళ్ల అనుభవం గల నిపుణురాలిని. రోజుకు 2,800 లీటర్ల పాలు వచ్చే బల్క్ మిల్క్ కూలింగ్ కేంద్రాన్ని స్వతంత్రంగా నిర్వహించాను. 14 గ్రామాల్లోని 320 మంది ఉత్పత్తిదారులతో సమన్వయం చేశాను. రవాణా మార్గాల పునర్వ్యవస్థీకరణ ద్వారా నాణ్యతా నష్టాలను గణనీయంగా తగ్గించాను. కల్తీ నిర్ధారణ పరీక్షల్లోనూ రికార్డుల నిర్వహణలోనూ ప్రావీణ్యం ఉంది. బృంద నాయకత్వం, ఒత్తిడిలో పనిచేయగల సామర్థ్యం నా బలాలు."

పైకి చదివితే నాకే నవ్వొచ్చింది. "సమన్వయం" అనే మాట నా నోటి నుంచి ఈ ఆరేళ్లలో ఒక్కసారైనా వచ్చిందా? నేను చేసింది, పొద్దున ఆరింటికి "మా పాలకి ఫ్యాట్ ఎందుకు తగ్గింది" అని గిన్నె పట్టుకుని నిలబడిన అక్కకి జవాబు చెప్పడం. పచ్చిగడ్డి ఎక్కువై ఎండుగడ్డి తగ్గితే ఫ్యాట్ పడిపోతుందని, మెషిన్ తప్పు కాదని, కావాలంటే ఆమె ముందే ఇంకోసారి చూస్తానని చెప్పడం. ఇది చెబితే సమన్వయం అనే మాటే అక్కర్లేదు.

"నిపుణురాలిని" తీసేశా. అది వాళ్లు అనాలి గానీ నేను అనుకోకూడదు. "ఒత్తిడిలో పనిచేయగల సామర్థ్యం" కూడా పోయింది. ఏప్రిల్ ఎండలో కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ కాని రోజు సంగతి చెబితే ఆ ఒత్తిడి వాళ్లకే తెలుస్తుంది. కానీ ఆ రోజు కథ పెద్దది, వాళ్లు అడిగితేనే చెప్తా. 2020 లాక్‌డౌన్ సంగతి రాసి కొట్టేశా. టీ కొట్లు, హోటళ్లు మూతపడి పాలు అమ్ముడుపోని ఆ రోజుల గురించి రేపు వచ్చే ప్రతివాళ్లూ చెప్తారు.

మిగిలింది "రవాణా మార్గాల పునర్వ్యవస్థీకరణ". ఆరేళ్లలో నేను గట్టిగా చెప్పుకోగలిగిన పని ఇదొక్కటే. రెజ్యూమెలో మూడు మాటల కింద పడి కనిపించకుండా పోయింది. రేపు చెప్పేదాంట్లో సగం దీనికే ఇస్తున్నా.

ఇదీ రేపటి మాట. రాసిందాన్ని రాసినట్టు చదవను, కానీ వరస మాత్రం ఇదే:

"నమస్తే సార్, నమస్తే మేడమ్. నా పేరు శైలజ. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో రెండు జెర్సీ ఆవులున్నాయి, మా అమ్మ ఇప్పటికీ సెంటర్‌కి పాలు పోస్తుంది. బీఎస్సీ అయ్యాక 2019లో అదే సెంటర్‌లో టెస్టర్‌గా చేరాను. మొదటి వారంలోనే మా అమ్మ పాలకి ఫ్యాట్ 3.4 వచ్చింది. 'కూతురివై ఉండి తక్కువ వేస్తావా' అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. టెస్టింగ్ అంటే ఏంటో నాకు ఆ రోజు అర్థమైంది సార్.

రెండేళ్లు టెస్టింగ్ చేశాక, 2021 నుంచి ఆ కూలింగ్ సెంటర్‌కి ఇన్‌ఛార్జిగా ఉన్నాను. మాకు 14 ఊళ్ల నుంచి పాలు వస్తాయి, 320 మంది పోస్తారు, రోజుకి 2,800 లీటర్ల దాకా అవుతుంది. పాలు తీసుకోవడం, నాలుగు డిగ్రీలకి చల్లార్చడం, ట్యాంకర్‌కి ఎక్కించడం, పది రోజులకోసారి బిల్లులు వేయడం, అన్నీ నేనూ ఇద్దరు కుర్రాళ్లూ చూసుకుంటాం.

2022 ఎండాకాలంలో మాకు పెద్ద ఇబ్బంది వచ్చింది. ఏప్రిల్, మే రెండు నెలల్లో 21 క్యాన్ల పాలు విరిగిపోయాయి. సెంటర్‌కి రాగానే టెస్ట్‌ట్యూబ్‌లో కాచి చూస్తే గడ్డకట్టేవి, వెనక్కి పంపాల్సి వచ్చేది. ఒక్కో క్యాన్‌లో నలుగురైదుగురి పాలు ఉంటాయి కదా సార్, ఒకరి పాలు చెడితే అందరికీ నష్టం. దాదాపు 800 లీటర్లు పోయాయి. లీటరు 33 రూపాయల లెక్కన చూసినా 26 వేలు.

మొదట క్యాన్లు సరిగ్గా కడగడం లేదేమో అనుకున్నాను. రెండు రోజులు పొద్దున్నే వ్యాన్‌లో కూర్చుని వెళ్లాను. అప్పుడు తెలిసింది. వ్యాన్ దగ్గరి ఊరి నుంచి మొదలుపెట్టి, చివరి ఊరిదాకా పోయి, తిరిగి వచ్చేది. మొదటి ఊళ్లో ఎక్కిన క్యాన్ రెండున్నర గంటలు ఎండలో తిరిగేది. విరిగిన వాటిలో ఎక్కువ ఆ మొదటి మూడు ఊళ్లవే.

దాంతో తిరగేశాం. వ్యాన్ ఖాళీగా చివరి ఊరికి వెళ్లి, వస్తూ వస్తూ పాలు ఎక్కించుకోవాలి. డ్రైవర్ ఒప్పుకున్నాడు. కానీ చివరి ఊరి వాళ్లు అరగంట ముందు పాలు పిండాలి. వాళ్లు ససేమిరా అన్నారు. నేను మూడు రోజులు సాయంత్రం పూట వాళ్ల ఇళ్లకి వెళ్లి కూర్చున్నాను. ఎవరి పాలు ఎంత పోయాయో రిజిస్టర్ చూపించాను. ఒక పెద్దావిడ ముందు ఒప్పుకుంది, ఆమె వెనక మిగిలినవాళ్లు వచ్చారు. తర్వాతి ఎండాకాలంలో విరిగినవి నాలుగు క్యాన్లే.

ఈ పనిలో నాకు ఇష్టమైనది ఊళ్లోకి వెళ్లి మాట్లాడటమే సార్. సెంటర్‌లో కూర్చుంటే పాలు వచ్చాకే సమస్య కనిపిస్తుంది. మీ సూపర్‌వైజర్ ఉద్యోగంలో రోజూ రూట్ మీదే ఉండాలని చదివాను. అందుకే వచ్చాను."

గడియారం పెట్టుకుని చదివా. మొదట మూడు నిమిషాల నలభై సెకన్లు. మా చెల్లి, "అక్కా, నీ బీఎస్సీ మార్కులు వాళ్లకెందుకు, హాస్టల్ గోల ఎందుకు" అని రెండు పేరాలు కొట్టేయించింది. ఇంకోసారి చదివితే మూడు నిమిషాల లోపే అయ్యింది. మా అమ్మ కథ కూడా తీసేయమంది. ఆ ఒక్కటి మాత్రం వినలేదు. ఆ ముక్క చెప్పగానే ఎదుటివాళ్లు నవ్వుతారు, నాకు టెన్షన్ సగం తగ్గుతుంది.

ఒకవేళ "క్లుప్తంగా చెప్పండి" అంటే, ఇంతే:

"నా పేరు శైలజ సార్, పలమనేరు దగ్గర పల్లె. ఆరేళ్లుగా ఒకే కూలింగ్ సెంటర్‌లో ఉన్నాను, రెండేళ్లు టెస్టర్‌గా, నాలుగేళ్లు ఇన్‌ఛార్జిగా. 14 ఊళ్లు, 320 మంది రైతులు. ఎండాకాలంలో పాలు విరిగే క్యాన్లు 21 నుంచి నాలుగుకి తగ్గాయి, వ్యాన్ రూట్ తిరగేసి. ఆ రూట్ పనే రోజూ చేయాలని ఉంది."

మధ్యలో ఆపి అడగగలిగేవి కొన్ని ఉన్నాయి. కల్తీ ఎలా పట్టుకుంటారు అంటే: "నీళ్లు కలిపితే లాక్టోమీటర్ రీడింగ్ పడిపోతుంది సార్. అది తెలిసినవాళ్లు చక్కెర కలిపి రీడింగ్ పెంచుతారు. అనుమానం వస్తే రిసార్సినాల్ వేసి చూస్తాం, చక్కెర ఉంటే ఎర్రగా మారుతుంది. నా ఆరేళ్లలో ఇద్దరిని పట్టుకున్నాను. ఇద్దరికీ అందరి ముందు కాకుండా పక్కకి పిలిచి చెప్పాను. ఒకాయన కలపడం మానేశాడు, ఇంకొకాయన మా సెంటర్‌కి పాలు పోయడమే ఆపేశాడు." ఈ చివరి ముక్క దాచకూడదనే అనుకుంటున్నా.

బండి నడపడం వస్తుందా అని తప్పకుండా అడుగుతారు. వస్తుంది, లైసెన్స్ ఉంది, తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరడం అలవాటే.

"అక్కడ ఎందుకు మానేస్తున్నారు" అనేది కొంచెం ఇబ్బందైన ప్రశ్న. నిజం ఏంటంటే రెండేళ్లుగా జీతం పెంచలేదు. కానీ దాన్ని కోపంగా చెబితే నా మాటలు అక్కడే ఆగిపోతాయి. ఇలా అంటా: "ఇన్‌ఛార్జి తర్వాత అక్కడ పైన పోస్టు లేదు సార్. జీతం కూడా రెండేళ్లుగా అంతే ఉంది. పనిలో నాకు ఇబ్బంది లేదు, నేను వచ్చేటప్పుడు ఇద్దరు కుర్రాళ్లకీ టెస్టింగ్ పూర్తిగా నేర్పి వస్తాను."

అంకెలు మాత్రం తడబడకూడదు: 14, 320, 2,800, 21, నాలుగు. రెజ్యూమెలో రోజుకి 2,800 అని రాసి నోటితో మూడు వేలు అంటే వాళ్లు కాగితం వైపే చూస్తారు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా పట్టా, మధ్యదంతా జరిగిందే కాబట్టి మర్చిపోను.

నీలం చీర ఇస్త్రీ అయ్యింది. సర్టిఫికెట్ల ఫైల్ సంచిలో పెట్టా, వ్యాన్ రూట్ గీసిన పాత కాగితం కూడా దాంట్లోనే ఉంది. మా అమ్మ నాలుగింటికే లేపుతానంది. తిరుపతి బస్సు ఆరుంబావుకి.