తలకోన మూడు రోజుల తిండి ప్లాన్ (నలుగురికి)

శుక్రవారం పొద్దున తిరుపతిలో టిఫిన్ తిని బయల్దేరతాం, ఆదివారం రాత్రికి తిరిగొస్తాం. అడవిలో నిప్పు రాజేయడానికి లేదు, కాబట్టి స్టవ్ మోయడం లేదు. అన్నీ చన్నీళ్లతో తినగలిగేవే.

ఒక్కొక్కరికి రోజుకి: అటుకులు 150 గ్రాములు, వేయించిన చెనిక్కాయ విత్తనాలు 100, ఎండబెట్టిన జొన్న రొట్టెలు 80, బెల్లం 60, వేయించిన రాగిపిండి 60, నిప్పట్లు 60, పప్పుల పొడి 40, పాలపొడి 30, నెయ్యి 20. మొత్తం 600 గ్రాములు, దాదాపు 2,500 కేలరీలు. మూడు రోజులకి మనిషికి 1.8 కిలోలు. ఇందులో చెనిక్కాయలే అసలు బలం, 100 గ్రాములకే 550 కేలరీలు దాటతాయి. బరువెక్కువైందని వాటిని మాత్రం తగ్గించొద్దు. బొరుగులు ఎవరూ తేవద్దు, బ్యాగంతా అవే నిండుతాయి.

శుక్రవారం మధ్యాహ్నానికి చింతపండు పులిహోర, ఇది లెక్కలో లేదు. అన్నం బాగా ఆరాకే కట్టండి, సాయంత్రానికి మిగలకూడదు. పోయినసారి నేను కొబ్బరి పచ్చడి తెచ్చాను. పన్నెండింటికి మూత తీస్తే బుడగలు, పుల్లటి వాసన! ఆ పూట వట్టి ఇడ్లీలే. ఈసారి తడి పచ్చళ్లు వద్దు.

రాత్రికి రొట్టెలు విరిచి, పప్పుల పొడిలో నెయ్యి కలిపి నంజుకోవడమే. పొడిలో వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు కాస్త ఎక్కువే పడాలి, చెమటకి ఉప్పు పోతుంది కదా.

శని, ఆదివారాలు పొద్దున రాగిపిండి, పాలపొడి, సగం బెల్లం గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగాలి. ముందు కొంచెం నీళ్లతో పేస్టులా చేయండి, లేకపోతే ఉండలు కడతాయి. మధ్యాహ్నం అటుకులు తడిపి, పది నిమిషాలాగి, చెనిక్కాయలు, పొడి వేసుకుంటే చాలు. ఉల్లిపాయ, నిమ్మకాయ తలా రెండు తెచ్చుకోండి, అవి పాడవ్వవు. నడకలో గంటకోసారి గుప్పెడు చెనిక్కాయలు, బెల్లం ముక్క. నిప్పట్లు సాయంత్రానికి, పిండైపోకుండా స్టీలు డబ్బాలో పెట్టండి.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు మోయాలి. వాగు నీళ్లు పడితే గుడ్డలో వడగట్టి, క్లోరిన్ బిళ్ల వేసి, అరగంటయ్యాకే తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తలా మూడు.

చెనిక్కాయలు, రాగిపిండి మా వదిన వేయించిస్తానంది. బెల్లం, అటుకులు, పాలపొడి నేను కొంటాను. మిగతావి మీరు ముగ్గురూ పంచుకోండి. గురువారం రాత్రి మా మిద్దె మీద కాటా పెట్టి, ఏ రోజుది ఆ రోజు వేరే కవర్లో కట్టి, పైన పేరు రాద్దాం.

కవర్లు చేతిలో పట్టుకుని నడవకండి. తలకోన కోతులకి లోపల ఏముందో అక్కర్లేదు, కవరు గలగలమంటే చాలు. ఖాళీ కవర్లన్నీ మళ్లీ బ్యాగులోకే.