బుల్లెట్టులో ఏది ఉంచాలి, ఏది మార్చాలి: రాయల్ ఎన్‌ఫీల్డ్ కేసుకు జవాబు

ప్రశ్న: 2000లో రాయల్ ఎన్‌ఫీల్డ్ నెలకు 6,000 బండ్లు చేయగల స్థితిలో ఉండి, సుమారు 2,000 మాత్రమే అమ్ముతోంది. దాన్ని మూసేయాలా, అమ్మేయాలా అని మాతృసంస్థ ఐషర్ ఆలోచిస్తోంది. చివరి అవకాశంగా మీకు 2 ఏళ్ల గడువు ఇచ్చారు. ఏమి ఉంచుతారు, ఏమి మారుస్తారు, కొనేవాళ్లకు ఏమి చెబుతారు? కారణాలతో రాయండి.

జవాబు:

ముందు జబ్బు ఏమిటో తేల్చుకోవాలి. జనానికి బుల్లెట్టు మీద మనసు విరిగిందా, లేక మనసు ఉండి కూడా దానితో వేగలేక మానేశారా? మొదటిదైతే పేరు, రూపం అన్నీ మార్చాలి. రెండోదైతే బండిని బాగుచేయాలి. నా లెక్కలో ఇది రెండోదే. ఊళ్లో బుల్లెట్టు వస్తోందంటే మలుపు తిరగకముందే తెలిసిపోతుంది, అరుగు మీద కూర్చున్నవాళ్లు తల తిప్పి చూస్తారు. ఎస్సై గారు, మోతుబరి రైతు, మిలిటరీలో చేసి వచ్చినాయన, ఇలా ఆ బండి ఎక్కిన మనిషికి ఒక దర్జా ఉంది. అలా తల తిప్పి చూసిన కుర్రాడే మర్నాడు షోరూముకు వెళ్లి హీరో హోండా బుక్ చేసుకుంటున్నాడు. ఇష్టానికీ కొనడానికీ మధ్య ఏదో అడ్డం పడుతోంది. అదేమిటో పట్టుకుంటే సగం జవాబు దొరికినట్టే.

ఆ అడ్డం ఏమిటో బండి స్టార్ట్ చేసే తీరులోనే కనిపిస్తుంది. పాత బుల్లెట్టును ఊరికే తన్నితే స్టార్ట్ కాదు. ముందు ఆమీటరు ముల్లు చూడాలి. కిక్కు రాడ్డును మెల్లగా నొక్కుతూ ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగాలి. అప్పుడు ఇంజిన్ లోపలి ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లీవరు పట్టుకుని, పిస్టన్‌ను కొంచెం దాటించి, లీవరు వదిలేసి, ఒంటి బరువంతా వేసి తన్నాలి. లెక్క తప్పితే రాడ్డు వెనక్కి తన్ని కాలు అదురుతుంది. ఈ విద్య వచ్చినవాడికి అదొక గర్వం. రానివాడికి మాత్రం, ఆఫీసు టైముకి పది మంది చూస్తుండగా, టెన్షన్. పైగా ఇంజిన్ నుంచి ఆయిల్ కారుతుంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మిగతా బండ్లన్నీ దీనికి తలకిందులు. వాటి మీద నేర్చుకున్నవాడు బుల్లెట్టెక్కి బ్రేకు అనుకుని గేరు తొక్కుతాడు.

అందుకే నా నియమం ఒక్కటే. కంటికీ చెవికీ గుర్తుండేది ఉంచాలి. కాలినీ చేతినీ కష్టపెట్టేది మార్చాలి.

ఉంచేవి ముందు చెబుతాను. నీటిబొట్టు ఆకారపు పెట్రోల్ ట్యాంకు, గుండ్రటి హెడ్‌లైటు, నిటారుగా కూర్చునే తీరు, ఒక్క పెద్ద సిలిండరు. ‘బుల్లెట్’ అనే పేరును అసలు ముట్టుకోను. భారత సైన్యం, పోలీసుల కోసం 350 సీసీ బండ్లకు ఆర్డరు రావడంతోనే 1955లో మద్రాసులో ఈ కంపెనీ మొదలైంది. ఇంగ్లండులో అసలు కంపెనీ 1970ల మొదట్లోనే మూతపడినా ఇక్కడ తయారీ ఆగలేదు. ఇంత కథను ప్రకటనల డబ్బు పోసి ఎవరూ కొనుక్కోలేరు.

చప్పుడు గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం అదే. కొత్త ఇంజిన్ తప్పనిసరి. ఇంజిన్, గేర్‌బాక్సు వేరువేరుగా ఉన్న పాత పోత ఇనుప డిజైనుతో ఆయిల్ కారడం ఆగదు, ముందుముందు వచ్చే కాలుష్య నిబంధనలూ దాటలేం. కానీ ఇంజిన్ మారితే చప్పుడు మారుతుంది. చప్పుడు మారితే అరుగు మీద తల తిరగదు. కాబట్టి ఇంజనీర్లకు నేనిచ్చే పనిలో చప్పుడు కూడా మైలేజీ, పికప్ లాగే ఒక కొలత. పాత బండి చప్పుడు రికార్డు చేసి, దానికి వీలైనంత దగ్గరగా సైలెన్సరు, ఫ్లైవీల్ సరిచేయమంటాను. అచ్చం అదే రాదని ముందే ఒప్పుకుంటాను. కొంత పోగొట్టుకోవడం, అంతా మూసుకోవడం కంటే మేలు.

గేరును ఎడమకు మారుస్తాను, సెల్ఫ్ స్టార్టు పెడతాను. పాతవాళ్లకు కోపం వస్తుంది. వాళ్ల కోపాన్ని నేను చులకన చేయను. అందరూ వదిలేసిన రోజుల్లో ఈ బ్రాండును మోసింది వాళ్లే. అందుకే కిక్కు రాడ్డును తీసేయను, సెల్ఫ్ పక్కనే అదీ ఉంటుంది. పాత బండ్లకు స్పేర్ పార్టులు దొరికేలా చూస్తాను. ఆ సంగతి వాళ్లకు ఉత్తరంలో నేరుగా చెబుతాను: ‘మీ చేతిలో ఉన్న బండికి సామాను మేము ఇస్తూనే ఉంటాం. కొత్త బండిలో గేరు ఎడమకు వస్తోంది. ఎందుకో మీ ఊళ్లో మెకానిక్‌ను అడగండి, మీ అబ్బాయిని అడగండి.’

డీజిల్ బుల్లెట్టును వదిలేస్తాను. పొదుపు కోసం కొన్నవాళ్లకు అది నిజంగా పనికొచ్చింది. కానీ బుల్లెట్టు అంటే నెమ్మదిగా నడిచే చవక రవాణా అనే అర్థం అంటుకుంటే, మనం ఓడిపోయే చోటే పోటీకి దిగినట్టవుతుంది. ‘లీటరుకు ఎంతిస్తుంది?’ అనే ప్రశ్నకు 350 సీసీ బండి ఎప్పటికీ 100 సీసీ బండిలా జవాబు చెప్పలేదు. 80లలో జపాన్ కంపెనీల సాయంతో వచ్చిన బండ్లు ఆ ప్రశ్నను సొంతం చేసుకున్నాయి. మనం వేరే ప్రశ్నకు మారాలి: ‘ఆదివారం ఎక్కడికి వెళ్దాం?’

ఇక చెప్పడం. ఇందులో ఏం చెబుతాం అన్నదానికంటే ఎప్పుడు చెబుతాం అన్నది ముఖ్యం. ఆయిల్ కారుతున్నంత కాలం టీవీ ప్రకటనకు ఒక్క రూపాయి ఇవ్వను. ప్రకటన చూసి వచ్చినవాడు బండి కొని తిట్టుకుంటే, వాడు పది మందిని ఆపుతాడు. ఆ కాలంలో ఖర్చు రెండు చోట్ల పెడతాను. ఒకటి సర్వీసు, మెకానిక్‌ల శిక్షణ. రెండోది రైడ్‌లు. యాభై మంది కలిసి లద్దాఖ్‌కో, లంబసింగికో వెళ్లొస్తే, ఆ ఫొటోలు వాళ్ల ఇళ్లలో, ఆఫీసుల్లో ఏ హోర్డింగూ చేయలేని పని చేస్తాయి. కొత్త ఇంజిన్ వచ్చాకే పెద్ద ప్రకటన. అందులో మాట చిన్నది: ‘అదే దర్జా. బటన్ నొక్కితే చాలు.’

తర్వాత నిజంగా జరిగింది దీనికి దగ్గరగానే ఉంది. అప్పుడు కంపెనీ పగ్గాలు పట్టిన సిద్ధార్థ లాల్ జైపూర్ ప్లాంటు మూసి, తయారీని చెన్నైలోనే ఉంచారు. 2002లో థండర్‌బర్డ్ అనే మోడల్ వచ్చింది. ఇంజిన్, గేర్‌బాక్సు కలిసిన కొత్త డిజైనుతో క్లాసిక్ 2009లో భారత మార్కెట్లోకి దిగింది. చూడ్డానికి అది పాత బండి కంటే పాతదిలా ఉంటుంది, 1950ల రూపం. 2010లో ఏడాదికి 50 వేల చిల్లర ఉన్న అమ్మకాలు 2014లో 3 లక్షలు దాటాయి.

ఆ తేదీలు చూస్తే నాకిచ్చిన గడువులో చిక్కు బయటపడుతుంది. అసలు మందు, అంటే ఇంజిన్, దాదాపు తొమ్మిదేళ్లకు వచ్చింది. 2 ఏళ్లలో అమ్మకాలు పెంచి చూపిస్తానని బోర్డుకు మాటిస్తే, దాన్ని నిలబెట్టుకోవడానికి ధర తగ్గించాలి, దాంతో దర్జా పోతుంది. కాబట్టి మొదటి రోజే గడువును వేరే కొలతకు మార్చమని అడుగుతాను: 24వ నెలలో అమ్మిన ప్రతి వంద బండ్లలో వారంటీ కింద తిరిగొచ్చినవి ఎన్ని? ఆ అంకె ఈనాటి దానిలో సగానికి దిగకపోతే, ఐషర్ కంపెనీని అమ్మేసుకోవచ్చు, నేను అడ్డు చెప్పను.