శ్రీనుకి, నాన్నగారి గురించి

శ్రీనూ,

నాన్నగారి సంగతి నిన్న సాయంత్రం కిరణ్ ఫోన్ చేస్తే తెలిసింది. ఇంకేదో మాట్లాడుతూ, నాకు తెలిసే ఉంటుందనుకుని పెద్దకర్మ గురించి చెప్పుకుపోతున్నాడు. అప్పటికి నెల దాటిపోయిందట. నాకెవరూ చెప్పలేదు, ఆ రోజుల్లో కూర్చుని అందరికీ ఫోన్లు చేసే పరిస్థితి నీది కాదు. అందులో ఎవరి తప్పూ లేదు. ముందే తెలిసుంటే వచ్చేవాణ్ణి, ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

చాలా బాధగా ఉందిరా. ఎలా జరిగిందని అడగను. వచ్చినవాళ్ళందరికీ మొదట్నుంచి చివరిదాకా చెప్పి చెప్పి విసిగిపోయుంటావు. ఎప్పుడైనా నీకే చెప్పాలనిపిస్తే వింటాను.

ఒక విషయం మాత్రం నీకు చెప్పాలి. నాన్నగారు నీతో అని ఉండరని నా అనుమానం. ఆయన చేసిన పనులు చెప్పుకునే మనిషి కాదు కదా.

2014 అక్టోబరు, హుద్‌హుద్. మావాళ్ళు అప్పటికే ఉక్కునగరం క్వార్టర్ వదిలేసి ఎంవీపీ కాలనీకి మారిపోయారు. నేను హైదరాబాద్‌లో. ఆదివారం మధ్యాహ్నం నుంచి అమ్మావాళ్ళ ఫోన్లు కలవడం మానేశాయి. టీవీలో ఎయిర్‌పోర్టు పైకప్పు ఊడిపోయింది చూపిస్తున్నారు, బీచ్ రోడ్డు చూపిస్తున్నారు, మా వీధి మాత్రం ఎవరూ చూపించరు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "రవీ, నేనురా, శ్రీను నాన్నని. మీ అమ్మానాన్న బావున్నారు. బాల్కనీ రేకు ఎగిరిపోయింది, అంతే. సిగ్నల్ మళ్ళీ పోతుంది, ఉంటాను." మొత్తం అంతే మాట్లాడారు.

అసలు సంగతి అమ్మ తర్వాత చెప్పింది. ఉక్కునగరం నుంచి ఆ పాత స్కూటర్ మీద బయల్దేరారట. రోడ్ల మీద చెట్లు అడ్డంగా పడి ఉంటే దిగి, నెట్టుకుంటూ, సందుల్లోంచి తిరిగి వచ్చారట. పెట్రోలు దొరకని రోజులవి. ముందు ఫుట్‌బోర్డు మీద మంచినీళ్ళ క్యాను, హ్యాండిల్‌కి సంచిలో కొవ్వొత్తులు, రెండు పాల ప్యాకెట్లు. టీ తాగమంటే "చీకటి పడితే దారి కనపడదమ్మా" అని నిలబడే వెళ్ళిపోయారట. సిగ్నల్ ఎక్కడ తగిలిందో, ఎవరి ఫోన్ అడిగి తీసుకున్నారో మాకు ఇప్పటికీ తెలీదు. తర్వాత ఎప్పుడు థ్యాంక్స్ చెప్పబోయినా "మీ అమ్మ పెట్టిన ఆవకాయ అయిపోయింది, అది చెప్పు ముందు" అని మాట మార్చేసేవారు.

నిన్న అమ్మకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పాల ప్యాకెట్ల గురించే మళ్ళీ చెప్పింది.

చిన్నప్పుడు సి షిఫ్ట్ చేసి వచ్చి పడుకునేవారు, మనం సరిగ్గా మీ కిటికీ కిందే క్రికెట్ ఆడేవాళ్ళం. కృష్ణా ఫర్నేస్ పక్కన రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి ఒక్కసారి కూడా కేకలెయ్యలేదు. మా నాన్నయితే బ్యాటు విరిచేసేవాడు.

ఇక కాగితాల పని. ఇప్పుడు ఇవన్నీ రాయాలా అనుకోకు, కిందటేడు బాబాయ్ పోయినప్పుడు ఇదంతా నేనే తిరిగాను. డెత్ సర్టిఫికెట్ కాపీలు కాస్త ఎక్కువే తీసుకో. బ్యాంకు, పీఎఫ్, ఇన్సూరెన్స్, కరెంటు మీటరు, అందరూ అడుగుతారు. నాన్నగారి పెన్షన్ పీపీవో కాగితం ఎక్కడుందో వెతికి పక్కన పెట్టు. అమ్మగారి పేరు మీదకి పెన్షన్ మార్చడానికి దాంతో, ఆవిడ ఆధార్, పాస్‌బుక్‌తో పని ఉంటుంది. ఇద్దరి ఆధార్‌లలో పేరు స్పెల్లింగ్ ఒకటేనా కూడా చూడు, మాకు అక్కడే ఆగిపోయింది. బ్యాంకుకి అమ్మగారిని తీసుకెళ్ళే రోజు చెప్పు, కారు తీసుకుని వస్తాను. లైన్లో నేను నిలబడతాను, ఆవిడ కూర్చోవచ్చు.

ఈ ఆదివారం పదిన్నరకి కూర్మన్నపాలెం వస్తున్నాను, అమ్మ కూడా వస్తానంటోంది. మంగళ, శుక్రవారాలు పరామర్శకి రాకూడదని మీ పిన్ని పట్టింపు నాకు గుర్తే, అందుకే ఆదివారం. అమ్మగారిని వంట పెట్టుకోవద్దని చెప్పు. మా అమ్మ పులిహోర, పెరుగన్నం కట్టి తెస్తుంది. మాట్లాడాలని లేకపోతే మాట్లాడొద్దు, కాసేపు కూర్చుని వచ్చేస్తాం.

దీనికి జవాబు రాయక్కర్లేదు. ఆదివారం కుదరకపోతే మాత్రం "వద్దు" అని ఒక్క మెసేజ్ పెట్టు, ఆ పై వారం వస్తాం. మాసికం ఎప్పుడో కూడా కిరణ్‌తో చెప్పించు.

రవి