మీ ఏసీ వారంటీ క్లెయిమ్ గురించి: మా నిర్ణయం, రిపేర్ ఖర్చు

గుంటూరు, బ్రాడీపేట సర్వీస్ సెంటర్
2025 మే 19

మాస్టారు గారికి నమస్కారం.

పట్టాభిపురంలో మీ ఇంట్లో ఉన్న 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ చల్లదనం ఇవ్వడం లేదని, బోర్డును వారంటీలో మార్చాలని మీరు మే 14న ఫిర్యాదు ఇచ్చారు. 16న మా టెక్నీషియన్ వచ్చి చూశాడు. అతను తీసిన ఫొటోలు, రిపోర్టు నేనే స్వయంగా చూశాను. అవుట్‌డోర్ యూనిట్‌లోని బోర్డు పాడైన మాట నిజమే. కానీ ఆ నష్టం వారంటీ కిందకి రాదు. అందుకే మీ క్లెయిమ్ ఒప్పుకోలేకపోతున్నాం. మండుటెండల్లో ఈ మాట చెప్పాల్సి వచ్చినందుకు నాకూ బాధగానే ఉంది. కారణాలు మాత్రం దాచకుండా రాస్తున్నాను.

మీ బోర్డుకి వారంటీ గడువు అయిపోలేదు, ముందు అది చెప్పాలి. 2024 ఏప్రిల్ 12న కొన్నారు. మొత్తం ఏసీకి ఒక ఏడాది, బోర్డుకి 5 ఏళ్లు, కంప్రెసర్‌కి 10 ఏళ్లు. బోర్డు గడువు ఇంకా దాదాపు నాలుగేళ్లు ఉంది కాబట్టి ఉచితంగా మారుస్తారని మీరు అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ 5 ఏళ్లూ బోర్డు తయారీలో లోపం ఉంటేనే. పురుగులు, బల్లులు, ఎలుకలు చేసిన నష్టం వర్తించదని వారంటీ కార్డు వెనక పేజీలో ఉంది. ఆ అక్షరాలు చిన్నవే, కాదనను.

అవుట్‌డోర్ యూనిట్ మూత తీయగానే బోర్డు మీద మాడిపోయిన బల్లి కనిపించింది. ఆ ఫొటో మీ వాట్సాప్‌కి పంపాం. ఇన్వర్టర్ ఏసీల్లో ఇంటి కరెంటును ముందు డీసీగా మారుస్తారు. బోర్డు మీద ఆ భాగంలో 300 వోల్టులకు పైనే ఉంటుంది. బల్లి ఒళ్లు అక్కడి రెండు టెర్మినళ్ల మధ్య అడ్డంగా తగిలితే చాలు, షార్ట్ అవుతుంది. మీ బోర్డులో కాలిన మచ్చ సరిగ్గా బల్లి పడి ఉన్న చోటే, బ్రిడ్జ్ డయోడ్ దగ్గర మొదలై పక్కనున్న పవర్ మాడ్యూల్ దాకా పాకింది. ఇండోర్ డిస్‌ప్లేలో E6 అని వచ్చింది కూడా ఇందుకే: లోపలి యూనిట్‌కి బయటి యూనిట్ నుంచి జవాబు రావడం లేదు.

బల్లి కనిపించింది కదా అని అక్కడితో ఆపలేదు. బోర్డులోనే లోపం ఉండి, బల్లి తర్వాత వచ్చి పడిందేమో కూడా చూశాం. కెపాసిటర్లు ఉబ్బలేదు, టంకం ఎక్కడా విడిపోలేదు. వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే ముందు పోయే వేరిస్టర్ బాగానే ఉంది. కాబట్టి కరెంటు వల్ల కూడా కాదు.

మీరు ఫోన్‌లో అడిగిన ప్రశ్న న్యాయమైనదే: బల్లి దూరకుండా చూసుకోవాల్సింది కంపెనీ కాదా అని. బోర్డు పెట్టెకి పక్కన ఒక మూత, వైర్లు వెళ్లే కంతకి రబ్బరు బుష్ కంపెనీయే ఇస్తుంది. 2024లో మేం బిగించినప్పటి ఫొటోలో రెండూ ఉన్నాయి. ఈ జనవరిలో మీరు ఇల్లు మారినప్పుడు బయటి మెకానిక్‌తో ఏసీ మార్పించుకున్నామని చెప్పారు. ఇప్పుడు చూస్తే మూతకి ఒక స్క్రూయే మిగిలింది, బుష్ అసలు లేదు. బయటి మెకానిక్ చెయ్యి పెట్టాడన్నది మా కారణం కాదు, ఆ పేరుతో క్లెయిమ్ తిరస్కరించడం నాకు నచ్చదు కూడా. మేం బిగించిన రోజే ఆ మూత లేకపోయి ఉంటే మాత్రం ఈ ఉత్తరం మరోలా ఉండేది.

ఇక ఏసీ సంగతి. కంప్రెసర్ క్షేమంగా ఉంది, వైండింగ్ మూడు వైపులా సమానంగా చూపించింది, బాడీకి కరెంటు లీకేజీ లేదు. దాని 10 ఏళ్ల వారంటీ యథాతథంగా కొనసాగుతుంది. గ్యాస్ లీకైన ఆనవాలు కూడా లేదు. ఎవరైనా వచ్చి గ్యాస్ నింపాలంటే ఒప్పుకోకండి.

డబ్బు కట్టి బాగు చేయించుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది కొత్త ఒరిజినల్ బోర్డు. బోర్డు 9,900, బిగించడానికి 1,500, మొత్తం 11,400 రూపాయలు, పన్నులతో కలిపి. విజయవాడ గోడౌన్‌లో స్టాక్ ఉంది, మీరు సరేనన్న రెండో రోజు బిగిస్తాం. ఆ బోర్డులో లోపం వస్తే ఒక ఏడాది పాటు ఉచితంగా మారుస్తాం.

రెండోది, పాత బోర్డునే బాగు చేయించడం. డయోడ్, పవర్ మాడ్యూల్ మార్చాలి. బోర్డు విప్పి, బాగు చేయించి, తిరిగి బిగించేవరకు అన్నీ కలిపి 4,200 రూపాయలు, నాలుగు రోజులు పడుతుంది, 90 రోజుల గ్యారంటీ. ఖర్చు తక్కువే, కానీ కాలిన చోట బోర్డు బొగ్గులా మారింది. అక్కడ తేమ పట్టినప్పుడు, ముఖ్యంగా వానాకాలంలో, మళ్లీ షార్ట్ కావచ్చు. మా ఇంట్లో ఏసీ అయితే నేను కొత్త బోర్డే వేయిస్తాను. ఏసీ ఇంకో వేసవి నడిస్తే చాలనుకుంటే రెండోది కూడా తీసిపారేయదగ్గది కాదు.

ఏది ఎంచుకున్నా మూత, స్క్రూలు, రబ్బరు బుష్ మేమే ఉచితంగా వేసి, కంత సీల్ చేస్తాం. మొన్నటి విజిట్ ఛార్జీ 590 కూడా తీసుకోవడం లేదు. నా చేతిలో ఉన్న తగ్గింపు ఇంతే, బోర్డు ధరలో తగ్గించే అధికారం నాకు లేదు. ఏఎంసీ తీసుకుంటే ఇలాంటివి కవర్ అవుతాయా అని అమ్మగారు అడిగారట. అవదు. దీనికోసం ఏఎంసీ కట్టకండి. దానికి బదులు అవుట్‌డోర్ పైనున్న బాల్కనీ ట్యూబ్‌లైట్‌ని కాస్త దూరం జరిపించండి. లైటుకి పురుగులు, పురుగులకి బల్లులు వస్తాయి.

ఈ ధరలు మే 31 వరకు మారవు. కొత్త బోర్డుకైతే ఆర్డర్ పెట్టేటప్పుడు 5,000 అడ్వాన్స్ ఇవ్వండి, మిగిలింది ఏసీ మీ ముందు చల్లగా తిరిగాకే. పాత బోర్డు మీదే, తీసిన రోజే మీ చేతికిస్తాం. ఏదీ వద్దనుకుంటే రూపాయి కట్టక్కర్లేదు.

మా నిర్ణయం సరికాదనిపిస్తే బోర్డు అలాగే ఉంచండి, మరో టెక్నీషియన్‌ని మీ ఎదుటే చూడమంటాను, దానికీ ఛార్జీ ఉండదు. అప్పటికీ ఒప్పుకోలేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. అక్కడ చూపించడానికి ఈ ఉత్తరం, టెక్నీషియన్ రిపోర్టు నకలు, ఫొటోలు మీ దగ్గర ఉంచుకోండి.

మీ జవాబు మేం ఫొటోలు పంపిన వాట్సాప్ నంబరుకే పంపండి. "కొత్త బోర్డు" అనో "పాత బోర్డు" అనో ఒక్క మాట చాలు. ఈలోగా అవుట్‌డోర్ యూనిట్ ఎంసీబీ ఆపే ఉంచండి, రిమోట్‌తో వేసి చూడకండి.

ఇట్లు
సర్వీస్ మేనేజర్