నాన్న ఫోన్‌లో నంబర్లు, ఉన్నవి ఉన్నట్టు

అక్కా,

నాన్న ఫోన్ స్క్రీన్‌షాట్లు ఐదూ చూసి, పేరూ నంబరూ ఒక్కో లైనుగా కింద రాశాను. శనివారం నువ్వు కొత్త ఫోన్ తెచ్చినప్పుడు వీటిని అందులోకి ఎక్కించాలి. ఎక్కించేముందు ఇదంతా ఒకసారి చదువు. కొన్ని చోట్ల నేను కావాలనే సరిచేయకుండా వదిలేశాను.

ఫోన్ పరిస్థితి నీకు తెలుసు. రైతుబజార్‌లో కింద పడ్డాక స్క్రీన్ కింది సగంలో టచ్ పనిచేయడం లేదు. కాంటాక్టులన్నీ ఫోన్ మెమరీలోనే ఉన్నాయి, గూగుల్ ఖాతాలోకి ఎక్కలేదు, సిమ్‌లోనూ లేవు. కాంటాక్టుల పేజీ తెరిస్తే పేర్లే కనిపిస్తాయి, నంబర్లు కనబడవు. అందుకని మెసేజ్‌లలోకి వెళ్లి కొత్త మెసేజ్ తెరిచాను. అక్కడ పేరు కింద నంబరు, పక్కన మొబైల్, ఇల్లు, ఆఫీస్‌లలో ఏదో ఒక లేబుల్, మూడూ కనబడ్డాయి. పవర్ బటనూ వాల్యూమ్ తగ్గించే బటనూ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్లు తీశాను. వాట్సాప్‌లో ఫొటోలుగా పంపితే అంకెలు మసకబారాయి, 3, 8 ఒకేలా కనబడ్డాయి. తర్వాత డాక్యుమెంటుగా పంపుకున్నాక స్పష్టంగా వచ్చాయి. ఈ లిస్టు రాసింది వాటిని చూసే.

ప్రతి లైనులో ముందు నాన్న పెట్టుకున్న పేరు, తర్వాత నంబరు, చివర ఫోన్ చూపించిన లేబుల్. వరస బొమ్మలో ఉన్నదే.

ఒకటో స్క్రీన్‌షాట్

అప్పలకొండ చేపలు హార్బర్ | 65120 44718 | మొబైల్
అప్పలనర్సమ్మ పాలు | 68142 09573 | మొబైల్
అప్పలరాజు | 61305 77824 | మొబైల్
అప్పలరాజు కంచరపాలెం | 65418 20369 | ఇల్లు
అప్పలరాజు ప్లంబర్ | 68027 51940 | మొబైల్
అప్పలరాజు ప్లంబర్ | 61733 86205 | మొబైల్
అప్పలరాజు బావ | 65904 13872 | మొబైల్
అప్పలరాజు బి షిఫ్టు | 61305 77824 | ఆఫీస్
అప్పారావు ఆటో | 68210 64397 | మొబైల్
అప్పారావు ఆటో | +91 68210 64397 | మొబైల్

చూశావా, అప్పలరాజు అన్న పేరుతోనే ఆరు లైన్లున్నాయి. సింహాచలం అప్పన్న పేరు ఇంటికొకరికైనా ఉండే ఊరు మనది. ఇక్కడ పేరు ఒక్కటీ ఉంటే సరిపోదు. ప్లంబర్, బావ, బి షిఫ్టు అని నాన్న తగిలించుకున్న మాటే అసలు గుర్తు. ఆ మాట తీసేసి అందరినీ ‘అప్పలరాజు’ అని రాస్తే నాన్నకి ఈ లిస్టు ఎందుకూ పనికిరాదు.

ఉత్త ‘అప్పలరాజు’కీ బి షిఫ్టు అప్పలరాజుకీ నంబరు ఒకటే. మనిషీ ఒకరే అనుకుని ఒకటి కొట్టేయబోయాను. నాన్నని అడిగితే, ‘రెండూ ఉండనీ. ప్లాంటు వాళ్ల పేర్లు వెతికేటప్పుడు షిఫ్టు అని కొడతాను, ఊరికే మాట్లాడాలనిపిస్తే పేరు కొడతాను’ అన్నారు. రిటైరై ఇన్నేళ్లయినా వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. ప్లంబర్ల సంగతి వేరు. ఒకే పేరు, రెండు నంబర్లు, మనుషులూ ఇద్దరే. ఒకాయన గోపాలపట్నం నుంచి వస్తాడు, ఇంకొకాయన మన వీధి చివర ఉంటాడు. ఏ నంబరు ఎవరిదో నాన్నకి గుర్తు లేదు, చేసి చూసి తెలుసుకుంటారట. అందుకే ఊరి పేరు నేను కలపలేదు.

రెండో స్క్రీన్‌షాట్

అమ్మాయి | 65077 31482 | మొబైల్
అమ్మాయి కాలేజీ హాస్టల్ | 61590 04826 | ఇల్లు
అమ్మాయి హైదరాబాద్ | 68456 92013 | మొబైల్
ఇంట్లో | 65233 70918 | మొబైల్
ఇంట్లో | 61846 25570 | మొబైల్
ఇల్లు పాతది | 553018 | ఇల్లు
ఎత్తొద్దు | 68731 40062 | మొబైల్
ఎత్తొద్దు | 65682 19437 | మొబైల్
ఎత్తొద్దు | 61079 83354 | మొబైల్
ఎల్ఐసీ సన్యాసిరావు గారు | 68319 57206 | ఆఫీస్

అమ్మాయి అంటే మూడు చోట్లా నువ్వే. హాస్టల్ నంబరు పక్కన ‘ఇల్లు’ అని ఉంది. అది పొరపాటు కావచ్చు, కాకపోవచ్చు. నువ్వక్కడ నాలుగేళ్లు ఉన్నావు కదా. అలాగే ఉంచాను.

‘ఇంట్లో’ అంటే అమ్మ. నాన్న ఎప్పుడూ అమ్మ పేరుతో నంబరు పెట్టుకోలేదు. రెండింటిలో మొదటిది అమ్మ పాత సిమ్, రెండోది చివర్లో వాడినది. ఇద్దరం ఒకమాట అనుకుందాం: ఈ రెండు లైన్లూ తీసేద్దామని ఎవరూ నాన్నతో అనకూడదు. వాటికి ఫోన్ కూడా చేయొద్దు. ఆపేసిన నంబరు 90 రోజులు దాటాక వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, అవతల ఎవరో తెలియని మనిషి ఎత్తితే నాన్న తట్టుకోలేరు. లిస్టులో మాత్రం ఉండాలి.

‘ఇల్లు పాతది’కి ఆరు అంకెలే ఉన్నాయి. ఏదో తప్పిపోయిందని కంగారుపడకు. కంచరపాలెంలో మనం ఉన్నప్పటి ల్యాండ్‌లైన్ అది. అప్పట్లో వైజాగ్ నంబర్లకి ఆరు అంకెలే. ముందు 0891 పెట్టి ‘పూర్తి’ చేయకు. ఆ ఇల్లే ఇప్పుడు లేదు.

‘ఎత్తొద్దు’ మూడింటినీ ఒకటిగా కలిపేస్తే పెద్ద నష్టం లేదనిపిస్తుంది. కానీ ఒక్క నంబరు తప్పిపోయినా, ఆ కాల్ వచ్చినప్పుడు నాన్న ఎత్తేస్తారు. మూడూ లోన్ల వాళ్ల ఫోన్లు. మూడు నంబర్లూ అదే పేరుతో ఎక్కించు.

మూడో స్క్రీన్‌షాట్

కరెంట్ ఆఫీసు | 1912 | ఆఫీస్
కరెంట్ శ్రీను హుద్‌హుద్ | 65791 38204 | మొబైల్
కిరాణా గౌరి | 61264 90587 | మొబైల్
కేజీహెచ్ నర్సమ్మ గారు | 68503 17926 | ఆఫీస్
కొబ్బరికాయలు సింహాచలం | 65349 62081 | మొబైల్
గుడి పూజారి గారు | 61918 43705 | మొబైల్
చిన్నోడు | 68675 20149 | మొబైల్
చిన్నోడు | 068675 20149 | మొబైల్
చిన్నోడు ఆఫీసు | 65156 78430 | ఆఫీస్

ఈ బొమ్మలో అన్నిటికన్నా పైన ఎల్ఐసీ సన్యాసిరావు గారు మళ్లీ కనబడతారు. దాన్ని మాత్రం రాయలేదు. అది నాన్న రెండుసార్లు పెట్టుకున్న పేరు కాదు, నేను స్క్రీన్ పైకి జరిపినప్పుడు కింద ఉన్న లైను పైకి వచ్చింది. ఒక బొమ్మలో చివరిదీ తర్వాతి బొమ్మలో మొదటిదీ ఒకటే అయితే అది జరపడం వల్ల వచ్చినది. ఒకే బొమ్మలో రెండు లైన్లు పక్కపక్కన ఉంటే అవి నిజంగా ఫోన్‌లో ఉన్నవి. ఐదు బొమ్మల్లో ఇలా జరపడం వల్ల రెండుసార్లు పడింది ఆ ఒక్కటే. బొమ్మల్లో లెక్కపెడితే 46 వస్తాయి, ఇక్కడ 45 ఉంటాయి.

చిన్నోడు నేనే. సున్నాతో ఒకటి, సున్నా లేకుండా ఒకటి. అప్పారావు ఆటోకి +91 ఉన్నట్టే ఇదీ. నంబరు ఒకటే అయినా రాసిన తీరు వేరు కాబట్టి రెండు లైన్లూ రాశాను.

‘హుద్‌హుద్’ అన్న మాటని తుఫాను పేరు కదా, ఇక్కడెందుకని తీసేయకు. 2014 అక్టోబరు 12న ఆ గాలి మన ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో వచ్చి మన వైరింగ్ సరిచేసిన శ్రీను ఈయన. నాన్న నంబరుతో పాటు ఆ సాయాన్ని కూడా రాసిపెట్టుకున్నారు.

నాలుగో స్క్రీన్‌షాట్

డాక్టరు గారు బీపీ | 61427 05893 | మొబైల్
డాక్టరు గారు మోకాలు | 68968 31274 | ఆఫీస్
తమ్ముడు భీమిలి | 65512 67049 | మొబైల్
పాత పేపర్లు ఎర్రయ్య | 61683 29510 | మొబైల్
పెందుర్తి స్థలం | 68074 95136 | మొబైల్
పైడిరాజు తాపీమేస్త్రి | 65837 40692 | మొబైల్
పైడిరాజు మేస్త్రి కొడుకు | 65837 40692 | మొబైల్
బ్యాంకు మేడమ్ గారు సీతమ్మధా… | 61190 52847 | ఆఫీస్
మందుల షాపు రాత్రి కూడా | 68245 73608 | మొబైల్

‘తమ్ముడు’ అంటే భీమిలి బాబాయి. నువ్వు ఎక్కించేటప్పుడు అలవాటుగా ‘బాబాయి’ అని కొట్టేస్తావేమో, ఇది నాన్న ఫోన్. మేస్త్రికీ కొడుక్కీ ఇంట్లో ఫోన్ ఒకటేనట, పగలు కొడుకు ఎత్తుతాడు, రాత్రి మేస్త్రి ఎత్తుతాడు. రెండు పేర్లూ ఉండాలి.

ఐదో స్క్రీన్‌షాట్

రమణమ్మ | 65376 18925 | మొబైల్
రమణమ్మ చెల్లి | 61552 40783 | మొబైల్
శ్రీను కరెంట్ | 65791 38204 | మొబైల్
సత్యం మాస్టారు గారు | 68194 5027 | ఇల్లు
సామాను లారీ గాజువాక | 65029 86341 | మొబైల్
GAS RAJU | 68613 07459 | మొబైల్
GAS RAJU NEW | 61874 93026 | మొబైల్

శ్రీను కరెంట్, పైన ఉన్న హుద్‌హుద్ శ్రీను ఒకరే. అయినా రెండు చోట్లా ఉన్నారు, అలాగే ఉండనీ. గ్యాస్ రాజు పేర్లు నేను కొత్త సిలిండర్ బుక్ చేసినప్పుడు ఇంగ్లిషులో కొట్టినవి. తెలుగులోకి మార్చాలనిపించింది, కానీ నాన్న ఇన్నాళ్లూ ఆ అక్షరాల ఆకారం చూసే గుర్తుపట్టారు. కొత్త నంబరు వచ్చాక కూడా పాతదాన్ని తీయలేదు. కొత్తది కలవనప్పుడు పాతది చేస్తే వాళ్ల తమ్ముడు ఎత్తుతాడట.

సత్యం మాస్టారి నంబరులో తొమ్మిది అంకెలే ఉన్నాయి. బొమ్మని పెద్దది చేసి చూశాను, అంకె చెరిగిపోలేదు, ఫోన్‌లోనే అంతే ఉంది. పదో అంకె ఊహించి పెట్టలేదు. మాస్టారు నాన్నకి స్కూల్లో లెక్కలు చెప్పినాయన. వాళ్ల ఇల్లు అక్కయ్యపాలెంలో ఎక్కడో నాన్నకి తెలుసు, ఆదివారం నేను తీసుకెళ్లి అసలు నంబరు రాయించుకొస్తాను. అప్పటిదాకా ఈ తొమ్మిదంకెల లైను తీయొద్దు. తీస్తే వెళ్లాల్సిన సంగతే మర్చిపోతాం.

కొత్త ఫోన్‌లో ఎక్కించాక కాంటాక్టుల్లో డూప్లికేట్లు కలపమంటావా అని అడుగుతుంది. ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే ఇద్దరు ప్లంబర్లూ ఒకరైపోతారు, అమ్మ రెండు నంబర్లూ ఒకే కాంటాక్టు కిందికి చేరతాయి. ఈసారి ఫోన్ మెమరీలో కాకుండా నాన్న గూగుల్ ఖాతాలో సేవ్ చెయ్యి. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఇంట్లో గోడ క్యాలెండర్ వెనక రాసి ఉంది, నువ్వొచ్చాక చూపిస్తాను.

ఒక్కటే నువ్వు నాన్నని అడగాలి. సీతమ్మధార బ్యాంకు మేడమ్ గారి పేరు చివర చుక్కలు వచ్చి ఆగిపోయింది. టచ్ లేక నేను తెరవలేకపోయాను. ‘సీతమ్మధార’ తర్వాత ఇంకేదైనా రాశారేమో రాత్రి ఫోన్ చేసినప్పుడు అడుగు. నేను అడిగితే ‘ఏదో రాశానురా’ అంటున్నారు, నువ్వడిగితే గుర్తు తెచ్చుకుంటారు.